చుక్కలు ఆగాక ఎంతసేపు ఆగాలి?

వాషింగ్ మెషీన్ తిరగడం లేదనో, కట్టిన డబ్బు ఇంకా ఖాతాకు చేరలేదనో కంపెనీ వెబ్‌సైట్‌లో చాట్ తెరుస్తాం. అవతల మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో హెడ్‌సెట్ పక్కన పెట్టి కూర్చున్న ఏజెంటుకు మన మాటలకంటే ముందు మన వేళ్ల కదలిక తెలుస్తుంది. మనం నాలుగు అక్షరాలు నొక్కగానే ఆయన తెర మీద మూడు చుక్కలు ఆడతాయి, లేదా ‘కస్టమర్ టైప్ చేస్తున్నారు’ అని పడుతుంది. కాసేపటికి చుక్కలు ఆగిపోతాయి. మెసేజ్ మాత్రం రాదు. ఇప్పుడాయన ఏం చేయాలి? వెంటనే పలకరిస్తే తొందరపెట్టినట్టు, ఊరుకుంటే పట్టించుకోనట్టు.

చాలా కంపెనీలు దీనికి ఒకే అంకె చెప్పి ఊరుకుంటాయి. ఒక నిమిషం, కాకపోతే రెండు నిమిషాలు. సాఫ్ట్‌వేర్ పెట్టినరోజు ఎవరో ఆ గడిలో నింపిన అంకె ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అన్ని మౌనాలకూ ఒకే గడువు పెట్టడంలోనే తప్పుందని నేననుకుంటాను. ఎంతసేపు ఆగాలన్నది, ఆ మౌనానికి ముందు మనం కస్టమర్‌ను ఏం అడిగామన్న దాన్ని బట్టి మారాలి. అది ఎలాగో లెక్క కట్టడం కష్టం కాదు. కాకపోతే ముందు ఆ చుక్కలు నిజానికి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో తెలియాలి.

కస్టమర్ ఫోను ప్రతి అక్షరానికీ కబురు పంపదు. మొదటి అక్షరం నొక్కగానే ‘రాస్తున్నారు’ అని ఒక కబురు వెళ్తుంది. రాయడం ఆగి కొంతసేపు గడిస్తే ‘ఆపారు’ అని మరొకటి వెళ్తుంది. ఆ ‘కొంతసేపు’ ఎంత అన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన హెన్నింగ్ షుల్‌జ్రిన్ రాసి 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3994 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో ఈ విరామం 15 సెకన్లు. టెలిగ్రామ్‌లో బాట్ పంపే ‘టైప్ చేస్తోంది’ సూచన ఐదు సెకన్లకు మించి నిలవదు. అంటే చుక్కలు ఇప్పుడే ఆగాయని ఏజెంటు అనుకునే క్షణానికి, కస్టమర్ చేయి ఆగి ఐదు సెకన్లు అయ్యుండొచ్చు, పదిహేనూ అయ్యుండొచ్చు. తమ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎంతో తెలిసిన టీమ్ లీడర్లు తక్కువే.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. కస్టమర్ రాస్తుండగానే ఫోను ఛార్జింగ్ అయిపోతే, లేదా రైలు సిగ్నల్ లేని చోటికి వెళ్తే, ‘ఆపారు’ అన్న రెండో కబురు అసలు బయల్దేరదు. అప్పుడు చుక్కలు ఆడుతూనే ఉంటాయి. అందుకే ఆ ప్రమాణంలోనే ఒక జాగ్రత్త పెట్టారు. కొత్త కబురేదీ రాకపోతే, పంపినవాళ్లు వేరే గడువు చెప్పని పక్షంలో, 120 సెకన్ల తర్వాత అవతలివాళ్లు రాయడం లేదనే అనుకోవాలి. ఆగిపోయిన ఫోను తాలూకు చుక్కలు రెండు నిమిషాలు బతికుంటాయన్నమాట. చుక్కలు కదులుతుంటే మనిషి ఉన్నట్టే, ఆగితే వెళ్లిపోయినట్టే అన్న లెక్క రెండువైపులా తప్పే.

మరొక సంగతి, ఇది మన దగ్గర మరీ ముఖ్యం. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒక కిటికీలో చాట్ పెట్టుకుని, పక్క కిటికీలో ఆర్డర్ నంబర్ చూసి రాయగలడు. ఫోనులో అలా కుదరదు. నంబర్ ఎస్‌ఎంఎస్‌లో ఉంటే చాట్ వదిలి మెసేజ్‌లలోకి వెళ్లాలి, బిల్లు ఫొటో కావాలంటే గ్యాలరీలోకి వెళ్లాలి. ఆ పూట చాట్ పేజీ వెనక్కి పోతుంది, బ్రౌజర్ దాన్ని నిద్రపుచ్చినా పుచ్చవచ్చు. ఏజెంటుకు కనిపించేది మౌనమే. నిజానికి ఆ కస్టమర్ మనం అడిగిన పని మీదే తిరుగుతున్నారు. పేజీ వెనక్కి వెళ్లిందో ముందు ఉందో బ్రౌజర్‌కు తెలుసు. `visibilitychange` అనే సూచన అందుకోసమే ఉంది. చాట్ విడ్జెట్ దాన్ని ఏజెంటు తెరకు చేరవేస్తే సగం సందేహం తీరిపోతుంది.

వాయిస్ టైపింగ్ వాడేవాళ్ల సంగతి వేరు. మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ పెట్టెలో ఒక్క అక్షరం పడకపోవచ్చు. ఆపగానే వాక్యమంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ముందు రెండు ముక్కలు చేత్తో కొట్టి, విసుగొచ్చి మైకు పట్టుకున్న మనిషి ఏజెంటు కంటికి మొదలుపెట్టి మానేసినట్టే కనిపిస్తారు.

అసలు ఏమీ రాయకుండా మౌనంగా ఉన్నవాళ్లకూ, మొదలుపెట్టి ఆగినవాళ్లకూ తేడా ఉంది. మొదటివాళ్లు మన ప్రశ్న చూశారో లేదో తెలియదు. రెండోవాళ్లు చూశారు, జవాబు చెప్పే ఉద్దేశంతో చేయి పెట్టారు కూడా. మధ్యలో ఏదో అడ్డం వచ్చింది: వెతకాల్సిన నంబరు, ఇంట్లో మరొకరిని అడగాల్సిన సంగతి, కాలింగ్ బెల్లు, లేదా ఎలా చెప్పాలో తెలియని ఇబ్బంది. అందుకని వీళ్లకు మరికొంత ఎక్కువ సమయం ఇవ్వడం న్యాయం. విచిత్రం ఏమిటంటే చాలాచోట్ల జరిగేది దీనికి విరుద్ధం. చుక్కలు కనిపించాయి కాబట్టి జవాబు వచ్చేస్తుందని ఏజెంటు ఆశపడతాడు, రాకపోయేసరికి ఇంకా తొందరగా అసహనం పుడుతుంది.

ఆ అసహనం ఆయన తప్పని కూడా అనలేం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ప్రశ్నకూ జవాబుకూ మధ్య మనుషులు వదిలే ఖాళీ చాలా చిన్నది. 10 భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అది సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. ఆ అలవాటున్న మెదడుకు తెర మీద ముప్పై సెకన్లు యుగంలా ఉంటాయి. పైగా ఆయన ముందు ఒక్క చాట్ ఉండదు. ఒకేసారి రెండు, మూడు చాట్‌లు చూడటం ఈ పనిలో మామూలు. మూడింటిలో ఒకటి మౌనంగా ఉంటే ఆయన ఖాళీగా కూర్చోడు, మిగతా రెండూ చూసుకుంటాడు. కానీ ఆ స్థానం మూసుకుపోయినట్టే. క్యూలో ఉన్న మరో కస్టమర్ లోపలికి రాలేరు. పైగా చాట్ ఎంతసేపు సాగిందో చూపే ఏహెచ్‌టీ అంకె పెరుగుతూ ఉంటుంది, నెలాఖరున దాని మీద మాట పడేది ఏజెంటుకే. కాబట్టి పలకరింపు చాలాసార్లు కస్టమర్ కోసం కాక, స్థానం ఖాళీ చేయించుకోవడం కోసం వెళ్తుంది. అది చదివేవాళ్లకు ఆ సంగతి తెలిసిపోతుంది కూడా.

ఒక చాట్‌ను కల్పించుకుని చూద్దాం. గుడివాడలో ఒక పెద్దావిడ, ఇంట్లో టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్, నీళ్లు దిగడం లేదు. ఫోనులో చాట్ తెరిచి, తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతూ సమస్య చెప్పారు. సరిగ్గా 11 గంటల 4 నిమిషాల 10 సెకన్లకు ఏజెంటు అడిగాడు: ‘మెషీన్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుందండీ, అది చెప్తారా?’ ఆవిడ 25వ సెకనుకు రాయడం మొదలుపెట్టి, ‘ఉండు బాబూ వెనకాల’ అని కొట్టి, 33వ సెకనుకు ఆపేశారు. మెసేజ్ పంపలేదు. మెషీన్ గోడకు ఆనించి ఉంది. ముందుకు లాగాలి, లాగినా అక్కడ చీకటి. చేతిలో ఉన్న ఫోనుకే టార్చ్ వేసుకుని వంగి చూడాలి. పదిహేను సెకన్ల నియమం ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే 48వ సెకనుకు ఏజెంటు తెర మీద చుక్కలు పోతాయి.

కంపెనీ పెట్టుకున్న నియమం ‘ఒక నిమిషం మౌనానికి పలకరింపు’ అనుకుందాం. ఆ నిమిషం ఎప్పటి నుంచి? ఏజెంటు చివరి మెసేజ్ నుంచి లెక్కిస్తే పలకరింపు 11:05:10కి వెళ్తుంది. ఆవిడ చివరి అక్షరం నుంచి లెక్కిస్తే 11:05:33కి. చుక్కలు పోయినప్పటి నుంచైతే 11:05:48కి. పేరుకు అదే నిమిషం, మధ్యలో 38 సెకన్ల తేడా. చాలా సాఫ్ట్‌వేర్లలో గడియారం చివరి మెసేజ్ నుంచే నడుస్తుంది. టైపింగ్ కబురును అది లెక్కలోకే తీసుకోదు. ఏ చాట్ టీమ్ అయినా అంకె మార్చేముందు సరిచేసుకోవాల్సింది ఇదే: గడియారం చివరి అక్షరం నుంచి మొదలవ్వాలి, మళ్లీ అక్షరం పడితే సున్నాకు రావాలి.

సరే, 11:05:10కి ‘మేడమ్, మీరు లైన్‌లో ఉన్నారా?’ అని వెళ్లింది. టార్చ్ వేసిన ఫోను టింగుమంది. ఆవిడ స్టిక్కర్ వదిలి నడుం ఎత్తి, కళ్లజోడు సర్దుకుని, సగం రాసింది చెరిపి ‘చూస్తున్నాను బాబూ’ అని కొట్టారు. మళ్లీ వంగారు. మరో నిమిషానికి మరో పలకరింపు. ఈసారి ఆవిడ పట్టించుకోలేదు, ఎందుకంటే చిన్న అక్షరాల్లో ఉన్న పది, పన్నెండు అంకెల్ని మనసులో పట్టుకుని ఉన్నారు. ఇంకో నిమిషానికి ‘మీ నుంచి స్పందన లేనందున చాట్ ముగిస్తున్నాము’ అని వచ్చి పెట్టె మూసుకుపోయింది. నంబరు చేతిలో ఉంది, చెప్పడానికి ఎవరూ లేరు. ఆవిడ మళ్లీ చాట్ తెరిస్తే కొత్త ఏజెంటు, మొదటి నుంచి కథ. కంపెనీ రికార్డులో మాత్రం ఇది ఒక పొట్టి చాటూ, ఒక కొత్త చాటూ. రెండూ చూడటానికి బాగానే ఉంటాయి.

పలకరించకుండా ఉండి ఉంటే? ఆవిడ 11:07:50కి, అంటే మూడు నిమిషాల 17 సెకన్లకు, నంబరుతో వచ్చేవారు.

అయితే అందరికీ ఐదు నిమిషాలు ఇచ్చేద్దామా? కుదరదు. ‘మెషీన్ ఆన్ అవుతోందా?’ అని అడిగినప్పుడు ఐదు నిమిషాల మౌనం వస్తే ఆ మనిషి దాదాపు వెళ్లిపోయినట్టే. గడువు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పాత చాట్‌ల రికార్డులే చాలు. రాయడం మొదలుపెట్టి ఆగిన సందర్భాలు ఏరి, ముందు అడిగిన ప్రశ్నను బట్టి వేరు చేసి, ఎవరూ పలకరించకుండా తమంతట తాము ఎంతసేపటికి తిరిగొచ్చారో చూడాలి.

లెక్క నడిచే తీరు తెలియడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. అవును, కాదు అని చెప్పగల ప్రశ్న తర్వాత వంద మౌనాలు. వాటిలో 62 మంది అర నిమిషంలోపే తిరిగొచ్చారు. నిమిషానికి ఆ సంఖ్య 78, నిమిషంన్నరకు 84. ఐదు నిమిషాలు ఆగినా 88 దాటలేదు, మిగిలిన 12 మంది ఎప్పటికీ రాలేదు. ఇప్పుడు చూడాల్సింది వచ్చినవాళ్లను కాదు, ఇంకా మౌనంగా ఉన్నవాళ్లను. అర నిమిషం దగ్గర మౌనంగా ఉన్నది 38 మంది, వాళ్లలో 26 మంది వాళ్లంతట వాళ్లే వచ్చేవాళ్లు. అప్పుడు పలకరిస్తే మూడింట రెండు వంతులకు పైగా వృథా, పైగా అడ్డం. నిమిషం దగ్గర 22 మందిలో 10 మంది వచ్చేవాళ్లే. నిమిషంన్నర దగ్గర మిగిలిన 16 మందిలో నలుగురే. అంటే అక్కడ పలకరింపు అందుకునే ప్రతి నలుగురిలో ముగ్గురికి అది నిజంగా అవసరం. గీత అక్కడ గీయొచ్చు.

అదే నియమాన్ని మోడల్ నంబర్ అడిగిన తర్వాతి వంద మౌనాలకు పెట్టి చూద్దాం. వీళ్లలో నిమిషానికి వచ్చినవాళ్లు 20, నిమిషంన్నరకు 34, మూడు నిమిషాలకు 68, ఐదు నిమిషాలకు 84. పది నిమిషాలకు 88, మిగతావాళ్లు రాలేదు. ముందటి గడువునే ఇక్కడా వాడి నిమిషంన్నరకు పలకరిస్తే, అప్పటికి మౌనంగా ఉన్న 66 మందిలో 54 మంది పనిలో ఉన్నవాళ్లే. అంటే గుడివాడ పెద్దావిడ లాంటివాళ్లే. నలుగురిలో ఒక్కరే వచ్చేవాళ్లన్న స్థితి ఇక్కడ ఐదు నిమిషాలకు గానీ రాదు. ఒకే నియమం ఒక ప్రశ్నకు నిమిషంన్నర, మరో ప్రశ్నకు ఐదు నిమిషాలు చెప్పింది. మనం మార్చకూడనిది ఆ ‘నలుగురిలో ఒక్కరు’ అన్న నిష్పత్తి. నిమిషాలు మారుతూనే ఉంటాయి. క్యూ కిక్కిరిసిన పండగ సేల్ రోజుల్లో ఆ నిష్పత్తిని కూడా కొంచెం సడలించుకుంటారా అన్నది కంపెనీ ఇష్టం. కనీసం ఎంతమందిని ఇబ్బంది పెడుతున్నారో తెలిసి సడలించుకుంటారు.

ఈ లెక్కలో ఒక ఉచ్చు ఉంది, చాలామంది అందులోనే పడతారు. పాత రికార్డుల్లో ఏజెంట్లు అప్పటికే నిమిషానికి పలకరించేసి ఉంటారు. ఆ తర్వాత వచ్చిన కస్టమర్ తనంతట తాను వచ్చాడో, పలకరిస్తే వచ్చాడో ఎవరు చెప్పగలరు? అలాంటి చాట్ మనకు చెప్పేది ఒక్కటే, నిమిషం వరకు ఆయన రాలేదని. ఆ తర్వాతి సంగతి తెలియనట్టే లెక్క వేయాలి. అది మర్చిపోయి ‘పలకరించాక పదిమందిలో ఏడుగురు జవాబిచ్చారు, పలకరింపు బ్రహ్మాండంగా పనిచేస్తోంది’ అని రిపోర్టు రాసేస్తుంటారు. ఆ ఏడుగురిలో ఎక్కువమంది ఎలాగూ వచ్చేవాళ్లే. నమ్మదగ్గ దారి ఒకటుంది. కొన్ని వారాలపాటు, ఒకే రకం ప్రశ్న తర్వాత, చీటీ వేసినట్టు సగం చాట్‌లకు నిమిషంన్నరకు, సగం చాట్‌లకు మూడు నిమిషాలకు పలకరింపు పంపాలి. తర్వాత ఎంతమంది జవాబిచ్చారన్నది కాకుండా, సమస్య తీరిన చాట్‌లు ఎటువైపు ఎక్కువ, అదే కస్టమర్ ఆ రోజే మళ్లీ చాట్ తెరవాల్సి వచ్చింది ఎటువైపు ఎక్కువ అన్నది చూడాలి. మెషీన్ వెనక వంగి ఉండగా మూసేసిన చాట్ ఆ రెండో అంకెలో బయటపడుతుంది.

అంత ఓపిక లేకపోతే, పలకరింపు ముందే వెళ్లిపోతోందని పట్టిచ్చే సూటి గుర్తు ఒకటి ఉంది. పలకరింపు వెళ్లిన ఎన్ని సెకన్లకు జవాబు వచ్చింది, ఆ జవాబు ఎంత పొడవుంది? 2019లో సుమారు 37,000 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో ఫోను మీద సగటు టైపింగ్ వేగం నిమిషానికి దాదాపు 36 మాటలని తేలింది. ఆ లెక్కన పన్నెండు మాటల వాక్యానికి ఇరవై సెకన్లు పట్టాలి. పలకరింపు వెళ్లిన ఆరు సెకన్లకే పన్నెండు మాటల జవాబు వస్తే, అది పలకరింపుకు పుట్టిన జవాబు కాదు, అప్పటికే సగానికి పైగా రాసి ఉన్నది. అలాంటివి ఎక్కువగా కనిపిస్తుంటే గడువు పొట్టిగా ఉందని తేల్చేయొచ్చు. ‘ఆగండి’, ‘ఒక్క నిమిషం’, ‘రాస్తున్నాను కదా’ అన్న జవాబులను లెక్కపెట్టినా అదే సంగతి తెలుస్తుంది.

గడువు కుదిరాక కూడా పలకరింపు చెడిపోయే దారులున్నాయి. అన్నిటికంటే అన్యాయమైనది, బంతి మన కోర్టులో ఉండగా కస్టమర్‌ను పలకరించడం. ఏజెంటు ‘చెక్ చేసి చెప్తాను, రెండు నిమిషాలు ఉండండి’ అన్నాడు. కస్టమర్ ‘సరే’ అని కొట్టబోయి, ఎందుకులే అని ఊరుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌కు అదంతా పట్టదు. మౌనం కనిపించింది, ‘మీరు ఉన్నారా?’ అని ఏజెంటు పేరు మీద పంపేసింది. ఎదురుచూస్తున్న మనిషినే ఎక్కడున్నావని అడగడం ఇది. ఏజెంటు చివరి మాట ఒక ప్రశ్న అయితేనే గడియారం నడవాలి. నడిచినా, పంపబోయే ఆఖరి క్షణంలో కస్టమర్ చేయి కదిలితే పలకరింపు ఆగిపోవాలి.

ఇక పలకరింపులో ఏం రాయాలి? ‘ఉన్నారా?’ అన్నది నాకు అన్నిటికంటే నచ్చనిది. దానికి జవాబు చెప్పాలంటే రాస్తున్నది ఆపాలి, చెప్పకపోతే మర్యాద కాదు. పలకరింపు జవాబు కోరకూడదు, కొత్త ప్రశ్న వేయకూడదు, చేస్తున్న పనిని కొంచెం తేలిక చేయాలి. ‘తొందరేం లేదండీ. స్టిక్కర్ కనిపించకపోతే దాని ఫొటో తీసి పంపినా చాలు, బిల్లు ఉన్నా సరిపోతుంది’ అంటే, పనిలో ఉన్న ఆవిడకు దారి దొరుకుతుంది, వదిలేద్దామనుకున్నవాళ్లకు వదలకుండా ఉండటానికి కారణం దొరుకుతుంది. ఇంకా మంచిది ఆ మాటను ముందే ప్రశ్నతోపాటు చెప్పేయడం: ‘వెతకడానికి నాలుగైదు నిమిషాలు పట్టొచ్చు, నేను ఉంటాను’. ఇలా చెప్పిన చాట్‌లో కస్టమర్ కంగారుపడరు, ఏజెంటు కూడా ఐదు నిమిషాలు ధైర్యంగా ఆగగలడు. ఈలోగా ఆ చాట్‌ను పక్కన పెట్టి, స్థానాన్ని క్యూలోని మరొకరికి ఇచ్చి, ఈవిడ తిరిగి రాగానే అదే ఏజెంటుకు ముందుగా చేర్చే ఏర్పాటు ఉంటే క్యూ కూడా నిలిచిపోదు.

ఒక ప్రలోభం గురించి కూడా చెప్పాలి. కొన్ని చాట్ సాఫ్ట్‌వేర్లలో కస్టమర్ పంపకముందే, పెట్టెలో కొడుతున్న అక్షరాలు ఏజెంటుకు కనిపిస్తాయి. ‘డబ్బులు వెనక్కి ఇచ్చేయండి, మీ సర్వీసు’ వరకూ రాసి చెరిపేసినది కూడా. చాలామంది కస్టమర్లకు ఈ సంగతి తెలియదు. చెరిపేసిన మాటను చూసి ‘రిఫండ్ కావాలా మేడమ్?’ అని పలకరించడం, తలుపు సందులోంచి విన్నదాన్ని ముఖం మీద అడగడమే. ఆ సౌకర్యాన్ని ఆపేయడమే మేలని నా అభిప్రాయం. మౌనాన్ని అర్థం చేసుకోవడానికి పెట్టెలో అక్షరాలున్నాయా, ఖాళీ అయిందా అన్న ఒక్క సంగతి చాలు. అక్షరాలు నిలిచి ఉంటే ఆ మనిషి తిరిగొస్తారు, ఆగొచ్చు. చెరిపేసి ఖాళీ చేసి ఉంటే ఏదో తటపటాయింపు ఉంది, కాస్త ముందుగా పలకరించినా తప్పులేదు.

మూసేయడం వేరే విషయం, దానికి వేరే గడువు కావాలి. పలకరింపుకూ జవాబు రాకపోతే, మూసేముందు చెప్పి, ఆపుకోవడానికి అవకాశం ఇవ్వాలి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, గడువు పొడిగించుకునే పద్ధతి పెట్టేవాళ్లకు ఒక నియమం ఉంది: గడువు ముగిసేముందు హెచ్చరించాలి, ఒక మీట నొక్కడం లాంటి సులువైన పనితో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. గ్యాలరీలో ఫొటో వెతుకుతున్న మనిషికి 20 సెకన్లు చాలవు, అది కనీసం మాత్రమే. స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివాళ్ల ఇబ్బంది ఇంకొకటి. కొత్త మెసేజ్ రాగానే యంత్రం దాన్ని పైకి చదివేలా పెట్టిన చాట్‌లలో, ప్రతి పలకరింపూ వాళ్లు రాసుకుంటున్న వాక్యం మీద పడుతుంది. వాళ్లకు రెండో పలకరింపు అసలు వద్దు.

చాట్ మొదట్లో వచ్చే మౌనానికి పై లెక్కలేవీ పనికిరావు. అక్కడ మనం ఇంకా ఏ ప్రశ్నా అడగలేదు. కస్టమర్ తన గోడంతా మొదటి మెసేజ్‌లో పెట్టాలని రాస్తూ, చెరుపుతూ, మళ్లీ రాస్తూ ఉంటారు. బ్యాంకు ఫిర్యాదుల్లో, విమాన టికెట్ రద్దుల్లో ఇది మరీ ఎక్కువ. ఆ మౌనాలను విడిగా కొలుచుకోవాలి. కొలిచేదాకా అక్కడ పలకరింపు పెట్టకపోవడమే నయం. ప్రశ్నలు మారినప్పుడూ పాత అంకెలు చెల్లవు. మోడల్ నంబర్ కొట్టమనే బదులు స్టిక్కర్ ఫొటో పంపమని స్క్రిప్ట్ మార్చిన వారం నుంచి ఆ ఐదు నిమిషాల గడువును మళ్లీ మొదటి నుంచి లెక్కకట్టాలి. ఫొటో తీయడం తొందరగా అవుతుంది గానీ, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో అది అప్‌లోడ్ అవడానికి పట్టే సమయం కూడా ఏజెంటు తెర మీద మౌనంగానే కనిపిస్తుంది.